కూపన్ బాండుకు ధర కట్టడం ఎలా: 7.38% GS 2027తో చేతి లెక్క

మా బావమరిది మొదటిసారి సర్కారు బాండు కొన్న రోజు సాయంత్రం ఫోన్ చేశాడు. "బావా, స్క్రీన్ మీద ధర ఒకటి చూపించి, ఖాతాలోంచి ఇంకొంచెం ఎక్కువ లాగారు. ఆ మిగతాది ఎవరు నొక్కేశారు?" ఎవరూ నొక్కెయ్యలేదు. అది తనకే తిరిగి వచ్చే డబ్బు. ఆ మాట ఫోన్‌లో నమ్మించడం కష్టం కాబట్టి మర్నాడు కాగితం మీద లెక్క వేసి చూపించాను. ఆ లెక్కనే ఇక్కడ మొదటినుంచీ చివరిదాకా రాస్తున్నాను. కాల్‌క్యులేటర్ పక్కన పెట్టుకుని చదివితే ఇంకా మంచిది.

బాండు ధర అంటే ఒకటే ప్రశ్న. ముందు ముందు నాకు రాబోయే డబ్బుకు ఈరోజు ఎంత ఇవ్వొచ్చు? ప్రాంసరీ నోటు రాసుకునే ఊళ్లలో పుట్టినవాళ్లకు ఇది కొత్త విషయం కాదు. ఏడాది తర్వాత 106 రూపాయలు ఇస్తానని ఒకడు నోటు రాసిచ్చాడు. మార్కెట్లో వడ్డీ నూటికి ఏడాదికి ఆరు. అప్పుడు ఆ నోటు ఈరోజు విలువ 100. చక్రవడ్డీని ముందుకు నడిపితే అప్పు పెరుగుతుంది, వెనక్కి నడిపితే ప్రస్తుత విలువ వస్తుంది. బాండులో ఇలాంటి నోట్లు చాలా ఉంటాయి, ప్రతి కూపనూ, అంటే మధ్యమధ్యలో వచ్చే ప్రతి వడ్డీ చెల్లింపూ, ఒక నోటు, చివర్లో తిరిగొచ్చే అసలు, అంటే ముఖ విలువ, ఇంకో నోటు. ఒక్కోదానికి విడిగా ఈరోజు విలువ కట్టి కూడితే అదే బాండు ధర.

ముందు బాండు పేరు చదవడం

మనం తీసుకునే బాండు భారత ప్రభుత్వం ఇచ్చిన `7.38% GS 2027`. మెచ్యూరిటీ 2027 జూన్ 20. పేరులోనే సగం సమాచారం ఉంది. 7.38 శాతం ఏడాది కూపన్, GS అంటే సర్కారు బాండు, 2027 అసలు తిరిగొచ్చే ఏడాది. పేరులో లేని రెండు సంగతులు మనకు తెలిసి ఉండాలి. ఒకటి, కేంద్ర ప్రభుత్వ బాండ్లు ఆరు నెలలకోసారి వడ్డీ ఇస్తాయి. రెండు, ధర ఎప్పుడూ నూటికి చెబుతారు. మామూలు జనం కొనడానికి రిజర్వ్ బ్యాంక్ పెట్టిన రిటైల్ డైరెక్ట్‌లో కనీసం పది వేల ముఖ విలువ కొనాలి, పెద్ద బ్యాంకులు కోట్లలో కొంటాయి. అయినా ధర మాత్రం ముఖ విలువ 100కే.

కాబట్టి నూటికి ఏడాదికి 7.38 అంటే ఆరు నెలలకు 3.69. మెచ్యూరిటీ జూన్ 20 కనక కూపన్ తేదీలు జూన్ 20, డిసెంబర్ 20. ఈ తేదీలు కాగితం మీద రాసుకోకుండా లెక్కలోకి దిగకండి. ఎన్ని కూపన్లు మిగిలాయో మనసులో లెక్కపెట్టినవాళ్లు ఒకటి తక్కువో ఎక్కువో వేస్తారు, నాతో సహా.

మొదటి లెక్క: కూపన్ తేదీ రోజునే కొంటే

సులువైన రోజుతో మొదలుపెడదాం. 2025 జూన్ 20. ఆ రోజు కూపన్ పాత యజమానికి వెళ్లిపోయింది, ఆ వెంటనే మనం కొంటున్నాం. మనకు రావాల్సినవి నాలుగు చెల్లింపులు: 2025 డిసెంబర్ 20న 3.69, 2026 జూన్ 20న 3.69, 2026 డిసెంబర్ 20న 3.69, 2027 జూన్ 20న 3.69తో పాటు 100, అంటే 103.69.

ఇప్పుడు రేటు కావాలి. ఇక్కడే కొత్తవాళ్లు తడబడతారు. 7.38 బాండు ఇచ్చే కూపన్, అది మారదు. డిస్కౌంట్ చేయాల్సిన, అంటే రాబోయే డబ్బును ఈరోజుకు వెనక్కి నడపాల్సిన, రేటు వేరు. ఇంతే కాలానికి, ఇంతే భద్రత ఉన్న బాండు మీద మార్కెట్ ఈరోజు అడుగుతున్న రాబడి అది. దాన్నే ఈల్డ్ అంటారు. సర్కారు బాండ్లకైతే ఈ రేట్లను ఎఫ్‌బీఐఎల్ అనే సంస్థ ప్రతి పని రోజూ సాయంత్రం ప్రకటిస్తుంది. మన లెక్క తేలిగ్గా ఉండటానికి 6 శాతం అనుకుందాం. ఇది ఆ రోజు అసలు రేటు కాదు, ఉదాహరణ మాత్రమే.

ఏడాదికి 6 అంటే ఆరు నెలలకు 3. మార్కెట్ వాడుక అంతే, ఈల్డ్‌ను రెండుతో భాగిస్తారు. ఆరు నెలలకు 3 శాతాన్ని రెండుసార్లు చక్రవడ్డీ కడితే ఏడాదికి 6.09 అవుతుంది కదా అని గణితం బాగా వచ్చినవాళ్లు అడుగుతారు. నిజమే. కానీ "6 శాతం ఈల్డ్" అని డీలర్ అన్నప్పుడు అతని మనసులో ఉన్నది ఆరు నెలలకు 3 శాతమే. అందరూ ఒకే అబద్ధం ఆడుకుంటే అది వాడుక అయిపోతుంది. ఎఫ్‌డీ రేటుతో పోల్చేటప్పుడు మాత్రం ఇది గుర్తుంచుకోండి. బ్యాంకులు సాధారణంగా మూడు నెలలకోసారి చక్రవడ్డీ కడతాయి కాబట్టి రెండు చోట్లా "6" అని రాసి ఉన్నా రెండూ ఒకటి కావు.

ఇక ఒక్కో నోటుకూ విలువ కడదాం. మొదటి కూపన్ ఆరు నెలల దూరంలో ఉంది, 1.03తో ఒకసారి భాగించాలి. రెండోది రెండుసార్లు. అలా నాలుగోదాకా.

| తేదీ | వచ్చే డబ్బు | భాజకం | ఈరోజు విలువ |
|---|---|---|---|
| 2025 డిసెంబర్ 20 | 3.69 | 1.03 | 3.5825 |
| 2026 జూన్ 20 | 3.69 | 1.0609 | 3.4782 |
| 2026 డిసెంబర్ 20 | 3.69 | 1.0927 | 3.3769 |
| 2027 జూన్ 20 | 103.69 | 1.1255 | 92.1272 |

కూడితే 102.5648. ఇదే ధర. ఇందులో ముఖ విలువ 100 ఈరోజుకు 88.8487 మాత్రమే, మిగతా 13.7161 నాలుగు కూపన్లది. నూటికి రెండున్నర ఎక్కువ ఎందుకు ఇస్తున్నామంటే, మార్కెట్ ఆరు నెలలకు 3 రూపాయలతో సరిపెట్టుకుంటుంటే ఈ బాండు 3.69 ఇస్తోంది. ఆ 69 పైసలు నాలుగుసార్లు అదనంగా వస్తాయి. ఆ నాలుగు 69 పైసల ఈరోజు విలువ కట్టి చూడండి, సరిగ్గా 2.5648 వస్తుంది. నాకు ఈ లెక్కలో అన్నిటికంటే నచ్చేది ఈ చిన్న ముక్కే. ధర మీద అదనం ఎక్కడినుంచి వచ్చిందో వేలు పెట్టి చూపిస్తుంది.

ఎక్సెల్‌లో సరిచూసుకోవాలంటే ఒకే వరస చాలు:

```
=PV(3%, 4, -3.69, -100)
```

మైనస్ గుర్తులు మర్చిపోతే జవాబు మైనస్‌లో వస్తుంది, కంగారు పడక్కర్లేదు.

జవాబు తప్పని ఎలా పట్టుకోవాలి

ఒక పరీక్ష ఉంది, ప్రతిసారీ చెయ్యాల్సిందే. కూపన్ రేటు ఈల్డ్ కంటే ఎక్కువైతే ధర 100 పైన ఉండాలి. తక్కువైతే 100 కింద ఉండాలి. రెండూ సమానమైతే, కూపన్ తేదీ రోజున సరిగ్గా 100 రావాలి. మన బాండుకు ఈల్డ్ 8 శాతం అనుకుని మళ్లీ వేస్తే 98.87 వస్తుంది. 7.38 పెడితే 100.

ఈ పరీక్ష నాకు ఒకసారి పరువు నిలబెట్టింది. ఎక్సెల్‌లో కూపన్‌ను సగం చేశాను, ఈల్డ్‌ను సగం చేయడం మర్చిపోయాను. ఆరు నెలలకు 6 శాతం చొప్పున డిస్కౌంట్ అయింది. జవాబు 92 రూపాయలు. మార్కెట్లో 102కు దొరికే బాండు నా లెక్కలో 92 అంటే, మార్కెట్ అంతా పిచ్చిదైనా అయ్యుండాలి, నేనైనా అయ్యుండాలి. కూపన్ 7.38, ఈల్డ్ 6, అలాంటప్పుడు ధర 100 కిందికి పోయే దారే లేదు. అక్కడే తెలిసిపోయింది.

ఇంకో తప్పు ఇంత తేలిగ్గా దొరకదు. ఆరు నెలల చెల్లింపులను పట్టించుకోకుండా ఏడాదికి ఒకసారి 7.38 వస్తుందని, ఏడాదికి 6 శాతమని రెండేళ్లకు లెక్కేస్తే 102.53 వస్తుంది. అసలు జవాబుకు మూడున్నర పైసలే తేడా. 100 పైనే ఉంది కాబట్టి పరీక్ష కూడా పాసవుతుంది. పది వేల బాండుకు మూడున్నర రూపాయలు పోతే పోనీ అనిపిస్తుంది. అయిదు కోట్ల డీల్‌లో అది 17 వేల పైచిలుకు. అందుకే జవాబు చూసి కాకుండా, మొదట రాసుకున్న తేదీల వరస చూసి సరిచూసుకోవాలి. వరసలో నాలుగు గీతలు ఉండాల్సిన చోట రెండే ఉంటే తప్పు అక్కడే ఉంది.

రెండో లెక్క: మధ్యలో కొంటే

నిజ జీవితంలో ఎవరూ కూపన్ తేదీ చూసుకుని కొనరు. 2025 సెప్టెంబర్ 9న డీల్ చేశామనుకుందాం. సర్కారు బాండ్లలో డబ్బు, బాండు చేతులు మారేది మర్నాటి పని రోజున. కాబట్టి సెటిల్‌మెంట్ సెప్టెంబర్ 10. లెక్కంతా ఆ తేదీనుంచే, డీల్ చేసిన తేదీనుంచి కాదు.

ఇప్పుడు రోజులు లెక్కపెట్టాలి. సర్కారు బాండ్లకు నెలకు 30 రోజులు, ఏడాదికి 360 రోజులు. ఫిబ్రవరి అయినా 30, ఆగస్టు అయినా 30. నోటు మీద వడ్డీ కట్టేటప్పుడు మన పెద్దవాళ్లు నెలంటే ముప్పై రోజులని పట్టుకున్నట్టే. జూన్ 20 నుంచి సెప్టెంబర్ 20కి 90 రోజులు, అందులోంచి పది తీసేస్తే 80. అంటే ఆరు నెలల 180 రోజుల్లో 80 గడిచాయి, తర్వాతి కూపన్‌కు 100 మిగిలాయి. క్యాలెండర్ పట్టుకుని లెక్కపెడితే 82 వస్తుంది. ఆ 82 ఇక్కడ పనికిరాదు. ట్రెజరీ బిల్లులకైతే అసలు రోజులే లెక్క, ఏడాదికి 365. రెండిటినీ కలిపేసుకోవద్దు.

ఈల్డ్ అదే 6 శాతం అనుకుందాం. మొదటి కూపన్ ఇప్పుడు పూర్తి అర్ధ సంవత్సరం దూరంలో లేదు, 100/180 వంతు దూరంలో ఉంది. కాబట్టి 1.03 మీద ఘాతం 0.5556. తర్వాతిది 1.5556, ఆ తర్వాత 2.5556, చివరిది 3.5556. విలువలు వరసగా 3.6299, 3.5242, 3.4215, 93.3455. మొత్తం 103.9211.

నాలుగు ఘాతాలు విడివిడిగా వేయడం బద్ధకమైతే అడ్డదారి ఉంది. జూన్ 20న వచ్చిన 102.5648ని తీసుకుని 80/180 వంతు కాలానికి ముందుకు నడిపించండి:

```
102.5648 * 1.03^(80/180) = 103.9211
```

రెండు దారులూ ఒకే చోటికి వస్తాయి. రాకపోతే ఘాతాల్లో ఎక్కడో 80 ఉండాల్సిన చోట 100 పడింది.

ఈ 103.9211 మన జేబులోంచి పోయే మొత్తం. దీన్నే డర్టీ ప్రైస్ అంటారు. కానీ స్క్రీన్ మీద ఈ అంకె కనబడదు. ఎందుకో చూద్దాం.

పేరుకున్న వడ్డీ: బావమరిది గొడవ ఇదే

జూన్ 20 నుంచి సెప్టెంబర్ 10 దాకా బాండు వేరేవాళ్ల దగ్గర ఉంది. ఆ 80 రోజుల వడ్డీ న్యాయంగా వాళ్లది. కానీ డిసెంబర్ 20న ప్రభుత్వం 3.69 మొత్తం ఆ రోజు బాండు ఎవరి పేరు మీద ఉంటే వాళ్లకే ఇస్తుంది, అంటే మనకు. అందుకే 80 రోజుల వాటా మనం ఇప్పుడే అమ్మినవాళ్లకు ఇచ్చేయాలి. ఎంతంటే:

```
7.38 * 80/360 = 1.64
```

103.9211లోంచి ఈ 1.64 తీసేస్తే 102.2811. ఇదీ స్క్రీన్ మీద కనిపించే ధర, క్లీన్ ప్రైస్. పది వేల ముఖ విలువకు చూస్తే ధర 10,228.11, పేరుకున్న వడ్డీ 164, ఖాతాలోంచి పోయేది 10,392.11. "నొక్కేసిన" డబ్బు ఆ 164. డిసెంబర్‌లో 369 వచ్చినప్పుడు అందులో 164 మనం ముందుగా పెట్టినదే తిరిగి రావడం, 205 మాత్రమే మన వంద రోజుల సంపాదన. "మరి మొదటే ఆ మాట స్క్రీన్ మీద రాయొచ్చుగా" అన్నాడు బావమరిది. రాసే ఉంది, చిన్న అక్షరాల్లో.

ధరను ఇలా విడదీసి చెప్పడంలో ఒక సుఖం ఉంది. డర్టీ ప్రైస్ రోజురోజుకూ పెరుగుతూ పోయి కూపన్ తేదీన ఒక్కసారిగా 3.69 పడిపోతుంది. ఆ పతనానికీ మార్కెట్‌కూ ఏ సంబంధం లేదు. క్లీన్ ప్రైస్‌లో ఆ రంపపు పళ్లు ఉండవు, ఈల్డ్ మారితేనో కాలం గడిస్తేనో నెమ్మదిగా కదులుతుంది. మన బాండు జూన్‌లో 102.56 ఉండి సెప్టెంబర్‌కు 102.28 అయింది, ఈల్డ్ మాత్రం కదల్లేదు. మెచ్యూరిటీ నాటికి 100కి చేరాలి కాబట్టి మెట్టు మెట్టుగా దిగుతోంది, అంతే. దీన్ని నష్టం అనుకుని టెన్షన్ పడేవాళ్లను చూశాను. 7.38 కూపన్ తీసుకుంటూ 6 శాతమే సంపాదించడం అంటే ఇదే మరి, కూపన్‌లో ఎక్కువొచ్చిన భాగం ధరలో తగ్గిపోతూ ఉంటుంది.

ఎక్సెల్‌లో ఈ మొత్తం పని చేసే ఫంక్షన్ ఇది:

```
=PRICE(DATE(2025,9,10), DATE(2027,6,20), 7.38%, 6%, 100, 2, 4)
```

ఇది ఇచ్చేది క్లీన్ ప్రైస్, 102.2811. చివర్లో 2 అంటే ఏడాదికి రెండు కూపన్లు, 4 అంటే నెలకు 30 రోజుల యూరోపియన్ లెక్క. 4 బదులు 1 పెడితే అసలు రోజులు లెక్కేస్తుంది, నూటికి పైసా కంటే తక్కువ తేడా వస్తుంది. ఖాతాలోంచి పోయే మొత్తం కావాలంటే 1.64 మనమే కలుపుకోవాలి.

సెలవు రోజుల సంగతి

క్యాలెండర్ తీసి చూస్తే 2026 డిసెంబర్ 20 ఆదివారం, 2027 జూన్ 20 కూడా ఆదివారమే. కూపన్ తేదీ సెలవు రోజున పడితే ఆ కూపన్ తర్వాతి పని రోజున ఇస్తారు. ఆలస్యానికి అదనపు వడ్డీ ఉండదు. మెచ్యూరిటీ సెలవు రోజున పడితే మాత్రం డబ్బు ముందరి పని రోజునే ఇచ్చేస్తారు. ధర కట్టేటప్పుడు ఈ సవరణలేవీ చేయరు, 20వ తేదీనే పట్టుకుంటారు. ఖాతాలో డబ్బు ఏ రోజు పడుతుందో తెలుసుకోవడానికి మాత్రమే ఇది పనికొస్తుంది.

ఏ బాండుకైనా ఇదే లెక్కా?

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ప్రభుత్వాలు రిజర్వ్ బ్యాంక్ వేలంలో అమ్మే రాష్ట్ర బాండ్లకు అచ్చంగా ఇదే లెక్క, అదే ఆరు నెలలు, అదే 30 రోజులు. మారేది రేటు ఒక్కటే. అంతే కాలపు కేంద్ర బాండు ఈల్డ్ మీద కొంచెం కలిపి డిస్కౌంట్ చేయాలి, ఎందుకంటే కొనేవాళ్లు రాష్ట్ర బాండుకు కాస్త ఎక్కువ అడుగుతారు. 2018లో హైదరాబాద్ నగరపాలక సంస్థ 8.90 శాతానికి ఇచ్చినలాంటి మున్సిపల్ బాండ్లకు, కంపెనీ బాండ్లకు ఆ కలిపేది ఇంకా పెరుగుతుంది. వాటిలో కూపన్ ఎన్ని నెలలకోసారి, రోజులు ఎలా లెక్కపెట్టాలి, అసలు ఒకేసారి ఇస్తారా విడతలుగానా అన్నది పత్రంలో చదివి తేదీల వరస మళ్లీ రాసుకోవాలి. కూపనే మారుతూ ఉండే ఫ్లోటింగ్ రేటు బాండుకు ఈ లెక్క నేరుగా కుదరదు, రాబోయే అంకెలు మనకు తెలియవు కాబట్టి.

కాలం ఎక్కువైతే రేటులో పొరపాటు ఖరీదవుతుంది. ఇదే 7.38 కూపన్, ఇదే 6 శాతం ఈల్డ్, కానీ మెచ్యూరిటీ పదేళ్లు అనుకోండి. ధర 110.27. రెండేళ్లకు రెండున్నర రూపాయలుగా ఉన్న అదనం పదేళ్లకు పది దాటింది.

తిరగేసి: ధర తెలుసు, ఈల్డ్ కావాలి

స్క్రీన్ మీద ధర కనిపిస్తుంది, మనకు తెలియాల్సింది ఈ ధరకు కొంటే ఎంత గిట్టుతుందని. సెప్టెంబర్ 10 సెటిల్‌మెంట్‌కు ఎవరో 102.50 అడిగారనుకుందాం. ధరనుంచి ఈల్డ్‌కు నేరుగా వెళ్లే సూత్రం లేదు, ఊహించి సరిచూసుకోవాలి. 6 శాతానికి 102.2811 వచ్చింది, అంటే మన ఈల్డ్ 6 కంటే తక్కువ. 5.8 పెట్టి పై లెక్క మొత్తం మళ్లీ వేస్తే 102.6198 వస్తుంది. 102.50 ఈ రెండింటి మధ్య ఉంది. 0.20 శాతం కిందికి దిగితే ధర 33.87 పైసలు పెరిగింది, మనకు కావాల్సిన పెరుగుదల 21.89 పైసలు. కాబట్టి దిగాల్సింది 0.20లో 21.89/33.87 వంతు, సుమారు 0.13. ఈల్డ్ 5.87.

```
=YIELD(DATE(2025,9,10), DATE(2027,6,20), 7.38%, 102.50, 100, 2, 4)
```

ఇదీ 5.87 దగ్గరే చూపిస్తుంది. ఇక్కడ ఇవ్వాల్సింది క్లీన్ ప్రైస్. పొరపాటున పేరుకున్న వడ్డీతో కలిపి 104.14 టైప్ చేస్తే 4.9 శాతం దగ్గర చూపిస్తుంది. మంచి బాండును గిట్టుబాటు కాదని వదిలేసినవాళ్లలో కొందరు ఈ గడిలో ఖాతాలో కట్ అయిన అంకె కొట్టినవాళ్లే.